తెరమీది తెలుగుకు ఏ లిపి?

హోసూరు ప్రాంతపు తెలుగు యువకులు కొందరు ఈమధ్య ఫోను మోసాల గురించి ఆరు కార్డుల వరస ఒకటి తయారుచేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. వేలితో పక్కకు జరుపుతూ ఒకదాని తర్వాత ఒకటి చూసే ఇలాంటి చిత్రాల వరసను కరోసెల్ అంటున్నారు. భాష తెలుగే, లిపి మాత్రం మొదటినుంచి చివరిదాకా ఇంగ్లీషు అక్షరాలు. కొద్దిరోజులకు దాన్నే రెండు లిపులూ కలిపి మరోసారి వెలువరించారు. కథనో కవితనో పరిశీలించినట్టే వీటినీ పరిశీలించడం అవసరమని నా అభిప్రాయం. అర్థం కాకపోతే ఇక్కడ పోయేది రసానుభూతి కాదు, పింఛను డబ్బు.

మొదటి కార్డు మీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: MEERU KOTI GELICHARU ANTE NAMMAKANDI. ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది KOTI. అది కోటి కావచ్చు, కోతి కావచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో మన ట, త లకు తేడా నిలవదు. ఓ ను ఒ నుంచి వేరుచేసే గుర్తూ లేదు. తమిళనాట పెరిగినవారు ‘త’ కు th రాస్తారు కాబట్టి వారికిది కోటి. ఆంధ్రలో చాలామంది త కూ ట కూ ఒకే t రాస్తారు కాబట్టి వారికి కోతి కూడా స్ఫురిస్తుంది. సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది కదా అంటారు. ఉత్తరంలోనైతే నిజమే, ముందు వెనుక వాక్యాలుంటాయి. కరోసెల్ మొదటి కార్డు మీద ఉండేది నాలుగైదు మాటలు. దానికి ముందు ఏమీ లేదు. అక్కడ తడబడిన పాఠకుడు వెనక్కి వచ్చి మళ్లీ చదవడు, వేలితో తోసేసి ముందుకు పోతాడు.

రెండో చిక్కు ఇంతకంటె ప్రమాదకరమైనది. తెలుగులో ‘వద్దు’ అనే అర్థం తరచు క్రియ కడుపులో దాగి ఉంటుంది. నమ్మండి, నమ్మకండి అన్న రెంటికీ తేడా ఒక్క ‘క’. తెలుగు లిపిలో మొదటిది మూడక్షరాలు, రెండవది నాలుగు. కంటికి ఆ తేడా ఆనుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో మొదటిది ఎనిమిది, రెండవది పది. అన్నీ ఒకే ఎత్తున్న పెద్ద అక్షరాలు. మధ్యలోని KA ను కన్ను దాటేస్తే సలహా తలకిందులవుతుంది. అందువల్ల ఏ లిపిలో రాసినా నిషేధాన్ని విడి మాటగా ‘వద్దు’ అని చివర పెట్టడం క్షేమం. ‘నమ్మకండి’ కంటె ‘నమ్మవద్దు’ మేలు.

అయితే ఆ యువకులను తప్పుపట్టి ఊరుకోవడం న్యాయం కాదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం తమిళాన్ని బడుల్లో తప్పనిసరి చేసింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే తెలుగు అక్షరాలు రాని పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారు. వారికి తెలుగు చేరే దారి ఇంగ్లీషు అక్షరాలే. ముంబయిలో నాగరి, బరంపురంలో ఒడియా నేర్చిన మన పిల్లల స్థితీ ఇంచుమించు ఇదే. కర్ణాటక సంగతి వేరు. కన్నడ లిపి చదవగలిగినవారికి మన అక్షరాల్లో చాలావరకు చూడగానే పోలిక దొరుకుతుంది. తలకట్టు ఆకారం, కొన్ని అక్షరాల తేడా తెలిస్తే చాలు. యానాంలో ఈ ప్రశ్నే అంతగా తలెత్తదు. కాబట్టి బెంగళూరు పిల్లలకు పనికివచ్చే కార్డు హోసూరు పిల్లలకు పనికిరాకపోవచ్చు. లిపిని నిర్ణయించేముందు అడగవలసింది ‘ఏది గొప్ప’ అని కాదు, ‘ఇది ఎవరికోసం’ అని.

ఈ కార్డులు ఎవరికోసం? పింఛను తీసుకునే పెద్దవారికోసం. వారిలో చదువుకున్నవారు తెలుగు అక్షరాలే చదువుతారు. కాని చిత్రం మొదట చేరేది మనవడి ఫోనుకు. అతడు చూసి తాతగారికి పంపాలి. అంటే పాఠకులు ఇద్దరు, లిపులు రెండు.

ఈ ఇబ్బందిని దాటాలనే రెండోసారి మిశ్రమ పద్ధతి పట్టారు. అందులో ఒక కార్డు: ‘Bank నుంచి call చేసి OTPని అడిగితే చెప్పకండి.’ ఇక్కడ మాటకొకసారి లిపి మారుతోంది, ఒక మాటలోనైతే మధ్యలోనే మారింది. తెలుగులో విభక్తి మాటకు అతుక్కుని ఉంటుంది కనుక ‘OTPని’ వంటివి పుడతాయి. ఒక లిపే వచ్చినవారు ఇద్దరూ అందులో సగం దగ్గర ఆగిపోతారు. బ్యాంకు, ఫోను వంటి మాటలు ఏనాడో తెలుగైపోయాయి. వాటిని తెలుగు అక్షరాల్లోనే రాయాలి. OTP సంగతి అలా కాదు. అది తాతగారు తన ఫోను తెరమీద చూసి పోల్చుకోవలసిన గుర్తు. అక్కడ ఇంగ్లీషు అక్షరాలు కనబడుతుండగా కార్డు మీద ‘ఓటీపీ’ అని రాస్తే రెండూ ఒకటేనని తెలియకపోవచ్చు. చూసి పోల్చుకోవలసింది ఉన్నది ఉన్నట్టు, చదివి గ్రహించవలసింది తెలుగు లిపిలో: కలపవలసివస్తే ఈ ఒక్క నియమం చాలు. విభక్తి అతుక్కోకుండా వాక్యం మార్చుకోవచ్చు: ‘OTP అడిగితే చెప్పవద్దు.’

ఆ కార్డులో మరో లోపం కొలతది. ఇంగ్లీషు కార్డుకు వాడిన అక్షర పరిమాణాన్నే, అంటే 36 పిక్సెళ్లనే, తెలుగుకూ ఉంచారు. కార్డు వెడల్పు 1080 పిక్సెళ్లు. అది సుమారు ఏడు సెంటీమీటర్ల ఫోను తెరమీదికి కుదించుకుపోతుంది. లెక్కవేస్తే 36 పిక్సెళ్లు 2.3 మిల్లీమీటర్లకు దిగుతాయి. అందులోనే గుడి పైన, వత్తు కింద ఇరుక్కోవాలి. అరవై ఏళ్ల కంటికి కనీసం 60 పిక్సెళ్లు, అంటే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు ఇవ్వాలి. పంక్తుల మధ్య దూరం కూడా ఇంగ్లీషుకంటె ఎక్కువ కావాలి. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ‘రాష్ట్రం’ అని ఒక పంక్తిలో, సరిగ్గా దానికింద ‘తాకీదు’ అని రాసి చూడాలి. పై వత్తు కింది గుడిని తాకితే దూరం చాలలేదన్నమాట. కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోయి ‘నమ్మ’ కాస్తా ‘నమ్‌మ’ అవుతుంది. అందుచేత పూర్తయిన చిత్రాన్ని కంప్యూటరు మీద కాక ఫోనులోనే చూసి ఖాయం చేసుకోవాలి.

ఇక రెండు లిపులకూ ఒకే కార్డులో చోటివ్వబోతే రెండూ చిన్నవైపోతాయి. కార్డుల మీద తెలుగు, కిందనుండే వివరణలో ఇంగ్లీషు అక్షరాలు పెట్టవచ్చునని తోస్తుంది. కాని చిత్రాన్ని దాచుకుని వాట్సాప్‌లో పంపినప్పుడు ఆ వివరణ వెంట రాదు. కనుక కార్డులనే విడదీయాలి. ఇన్‌స్టాగ్రామ్ 2024నుంచి ఒక వరసలో ఇరవై చిత్రాలదాకా అనుమతిస్తోంది కాబట్టి చోటుకు కరువు లేదు.

హోసూరు వరసను నేనైతే ఇలా దిద్దుతాను. మొదటి కార్డు మీద ‘కోటి గెలిచారంటే నమ్మవద్దు’. దానికింద చిన్నగా ఒకే పంక్తి, Thathagariki pampandi. అది మనవడికి. తర్వాత మూడు కార్డులు పూర్తిగా తెలుగు లిపిలో, కార్డుకొక్క సలహా. అయిదవదాని మీద మోసం జరిగితే వెంటనే ఫోను చేయవలసిన 1930 అంకె, అన్నిటికంటె పెద్దదిగా. ఆరవ కార్డు మీద మాత్రం అదంతా ఇంగ్లీషు అక్షరాల్లో. లిపి రాని మనవడు ఆ ఆరవ కార్డు చదివితే మిగిలిన అయిదూ ఎవరికి పంపాలో గ్రహిస్తాడు. పెద్దాయన నాలుగు మాటలు కళ్లద్దాలతో చదువుకోగలుగుతాడు.