నెయ్యికీ పాలపొడికీ ఒకే లాభశాతం

డెయిరీలో సెపరేటర్ దాకా పాలు ఒక్కటే. ఆ గిన్నె గిరగిరా తిరిగితే ఒక గొట్టంలోంచి మీగడ, ఇంకో గొట్టంలోంచి వెన్న తీసిన పాలు బయటికొస్తాయి. మీగడను కాచి నెయ్యి చేస్తారు. వెన్న తీసిన పాలను ముందు చిక్కబరచి, తరవాత వేడిగాలిలో చిమ్మి ఆరబెట్టి పాలపొడి చేస్తారు. మొదటి పనికి ఇంధనం కొద్దిగా చాలు, రెండో పనికి బాయిలర్ ఎడతెరిపి లేకుండా మండాలి. ఈ రెండు దారులు చీలకముందు పాల కొనుగోలుకూ సేకరణకూ చల్లబరచడానికీ అయిన డబ్బులో నెయ్యిదెంత, పొడిదెంత? పాల చుక్కను ఎంత పరీక్షించినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు, ఎందుకంటే ఒకదాన్ని కొనకుండా రెండోదాన్ని కొనే వీలే లేదు. అయినా లెక్కలు జవాబు అడుగుతాయి. మన దగ్గర పాలు చలికాలంలో పోటెత్తి ఎండాకాలంలో తగ్గుతాయి. మిగిలిన పాలను పొడిగా మార్చి దాచుకుంటారు కాబట్టి మార్చి 31న ఖాతాలు ముగించేసరికి గోదాముల్లో పొడి బస్తాలు బాగా పేరుకొని ఉంటాయి. ఆ నిల్వకు ఒక ఖరీదు కట్టక తప్పదు. అందుకున్న పద్ధతుల్లో స్థిర స్థూల లాభశాతం పద్ధతి ఒకటి. ఉమ్మడి ఉత్పత్తుల్లో ఏది ఎక్కువ లాభసాటి అన్న ప్రశ్నను వేయనివ్వకపోవడమే దాని అసలు విలువ అని నా వాదన.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. అంకెలు గుండ్రంగా ఉండేలా ఒక రోజు ఉత్పత్తిని ఊహిద్దాం. పది వేల లీటర్ల గేదె పాలు; చీలే దాకా అయిన ఉమ్మడి ఖర్చు 4,63,500 రూపాయలు. వాటినుంచి 600 కిలోల నెయ్యి, కిలో 600 చొప్పున 3,60,000 రూపాయలు. 900 కిలోల పొడి, కిలో 250 చొప్పున 2,25,000 రూపాయలు. చీలిన తరవాత నెయ్యికి 18,000, పొడికి 45,000 అదనంగా ఖర్చయింది. మిగతా పద్ధతులు ఇక్కడ ఖర్చును పంచడంతో మొదలుపెడతాయి, ఈ పద్ధతి లాభంతో మొదలుపెడుతుంది. మొత్తం అమ్మకం విలువ 5,85,000, మొత్తం ఖర్చు 5,26,500, మిగిలింది 58,500. అంటే సరిగ్గా పది శాతం. ఈ పది శాతాన్నే రెండు సరుకులకూ వర్తింపజేస్తాం. నెయ్యి విలువలోంచి 36,000 లాభం తీసేస్తే దాని మొత్తం ఖర్చు 3,24,000 కావాలి. అందులో సొంత ఖర్చు 18,000 పోగా ఉమ్మడి వాటా 3,06,000. పొడికి అలాగే 2,02,500లోంచి 45,000 తీసేస్తే 1,57,500. రెండు వాటాలూ కలిపితే మళ్లీ 4,63,500 వస్తుంది. ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటుంది: అమ్మిన సరుకు విలువ కాదు, తయారైన మొత్తం సరుకు విలువ తీసుకోవాలి. పొడి సగమే అమ్ముడైందని సగం విలువే వేస్తే లాభశాతం మొదటి అడుగులోనే తప్పుతుంది.

బరువును బట్టి పంచితే ఏమవుతుందో చూస్తే ఈ వరస ఎందుకో అర్థమవుతుంది. 1,500 కిలోల సరుకులో పొడి వాటా అరవై శాతం కాబట్టి ఉమ్మడి ఖర్చులో 2,78,100 దాని నెత్తిన పడుతుంది. సొంత ఖర్చు కలిపితే కిలో 359 రూపాయలు, అమ్మేది 250కి. కాగితం మీద పొడి ఘోరమైన నష్టం, నెయ్యి 43 శాతం లాభం. ఈ కాగితాన్ని నమ్మి పొడి మానేస్తే వెన్న తీసిన పాలు పారబోయాలి, ఉమ్మడి ఖర్చు ఒక్క రూపాయి తగ్గదు. పైగా మార్చి నిల్వను అమ్మకం ధరకన్నా ఎక్కువ ఖరీదుకు చూపించడం ఏ ప్రమాణమూ ఒప్పుకోదు. మన దేశంలో నిల్వల విలువకు వర్తించే ఇండ్ ఏఎస్ 2 కూడా ఉమ్మడి ఉత్పత్తుల ఖర్చును హేతుబద్ధంగా, ఏటా మారకుండా పంచమని చెబుతూ, సరుకుల అమ్మకం విలువను ఒక ఆధారంగా ఉదాహరిస్తుంది. మన పద్ధతిలో పొడి కిలో 225కు తేలుతుంది. ధరకు లోపలే ఉంటుంది.

నికర వసూలు విలువ పద్ధతీ అమ్మకం విలువనే ఆధారం చేసుకుంటుంది కదా, అది చాలదా అని అడగవచ్చు. అందులో అమ్మకం విలువలోంచి సొంత ఖర్చు తీసేసి, మిగిలినదాని నిష్పత్తిలో ఉమ్మడి ఖర్చు పంచుతారు. మన అంకెలతో నెయ్యికి 10.6 శాతం, పొడికి 9 శాతం లాభం వస్తుంది. ఈ తేడా సరుకుల మంచిచెడ్డలనుంచి పుట్టింది కాదు. లాభమంతా పాల దశలోనే వచ్చిందనీ, ఆరబెట్టడానికి పెట్టిన రూపాయి తన ఖర్చు తాను రాబట్టుకోవడమే తప్ప లాభం ఇవ్వదనీ ఆ పద్ధతి అనుకుంటుంది. పొడి విలువలో సొంత ఖర్చు ఐదో వంతు, నెయ్యిలో ఇరవయ్యో వంతు. కాబట్టి ఎక్కువ ప్రాసెసింగ్ కావలసిన సరుకే వెనకబడుతుంది. డ్రయ్యర్ దగ్గర పెట్టిన రూపాయికీ, పాల కొనుగోలులో పెట్టిన రూపాయికీ లాభం సంపాదించడంలో తేడా చూపడానికి కారణం లేదనుకుంటే స్థిర శాతమే న్యాయం.

దీనిమీద గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది. బొగ్గు వృథా అయి పొడి సొంత ఖర్చు 45,000 నుంచి 56,700కు పెరిగిందనుకోండి. మొత్తం లాభం ఎనిమిది శాతానికి దిగుతుంది. కొత్త శాతంతో లెక్కిస్తే నెయ్యి ఉమ్మడి వాటా 3,13,200కు చేరుతుంది, అంటే 7,200 పెరిగింది. పొడి వాటా అంతే తగ్గింది. బాయిలర్ దగ్గర జరిగిన తప్పులో సగానికి పైగా నెయ్యి ఖాతా మోసింది. ఇది నిజమైన లోపమే. కానీ ఇది పద్ధతిని అడగకూడనిది అడిగినప్పుడు బయటపడే లోపం. డ్రయ్యర్ పనితీరు చూడాలంటే పంపకానికి ముందే, కిలో పొడికి అయిన సొంత ఖర్చును ముందుగా నిర్ణయించుకున్న ప్రమాణంతో పోల్చాలి. అక్కడ 50 రూపాయలు 63 అయిందని కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పంచిన తరవాత వచ్చే లాభశాతంలో దాన్ని వెతకడం వృథా, ఎందుకంటే అది రెండు సరుకులకూ ఒకటే.

ఇంకా విచిత్రమైన సందర్భం పనీరు చేసే చోట రావచ్చు. విరిగిన పాలనుంచి తేరిన నీళ్లలో గట్టి పదార్థం చాలా తక్కువ కాబట్టి పొడి చేయాలంటే బోలెడు నీటిని ఆవిరి చేయాలి. ఆ పొడి లక్ష రూపాయలకు అమ్ముడై, ఆరబెట్టడానికే 92,000 అయిందనుకోండి. మొత్తం లాభం పది శాతమైతే దానికి అనుమతించే ఖర్చు 90,000. ఉమ్మడి వాటా మైనస్ 2,000గా తేలుతుంది. ఆ రెండు వేలను పనీరు మోస్తుంది. ఇది చూసి పద్ధతి పిచ్చిదని కొట్టిపారేసేవాళ్లున్నారు. నిజానికి ఆ మైనస్ చెప్పేది ఒక్కటే: ఈ సరుకు తన సొంత ఖర్చు మీద సగటు లాభమైనా తేవడం లేదు. అయినా ఆరబెట్టడంవల్ల 8,000 అదనంగా చేతికొస్తోంది. ఆ నీళ్లను అమ్మే వేరే దారి లేనప్పుడు పొడి చేయడమే లాభం. చేయాలా వద్దా అన్న నిర్ణయం ఎప్పుడూ అదనపు రాబడికీ అదనపు ఖర్చుకూ మధ్య తేలాలి. ఉమ్మడి వాటాకు, అది ప్లస్ అయినా మైనస్ అయినా, అక్కడ పని లేదు.

అన్ని సరుకులకూ ఒకే లాభం ఉండటం అసహజమని అనేవాళ్లు చివరికి చెబుతున్నది, వేరువేరు లాభాలు ఉన్నాయనీ వాటిని ఏదో ఒక పద్ధతి కనిపెట్టగలదనీ. చీలిక ముందు ఒక్కటిగా ఉన్న ఖర్చులో అలాంటివి లేవు; ఏ పంపకమైనా మనం పెట్టుకున్న కట్టుబాటే. బరువు లెక్క ఆ కట్టుబాటును నిజమని నమ్మించి పొడిని దోషిగా నిలబెడుతుంది. స్థిర శాతం పద్ధతి నిల్వకు ఒప్పుకోదగ్గ ఖరీదు ఇచ్చి, నెయ్యి విభాగం గొప్పా పొడి విభాగం గొప్పా అనే పోటీకి అంకె ఇవ్వకుండా ఊరుకుంటుంది. అందుకే దాన్ని మార్చి నెల నిల్వ లెక్కకు వాడుకోవాలి. ధరలూ బోనసులూ ఏ సరుకు ఆపాలన్నదీ మాత్రం దానితో తేల్చకూడదు.