ఎవరితో పంపాలి?

యాంగోన్ చౌక్తడాలో బడులకు మార్చి నుంచి మే దాకా సెలవులు. ఆ రోజుల్లో మన తెలుగు పిల్లల కోసం నడిచే సమ్మర్ క్యాంపులో గేటు దగ్గర రిజిస్టరు చూసే పని నాది.

పేరును నమ్ముకుంటే ఇక్కడ పని జరగదు. బర్మా పేర్లకు ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరుకూ బిడ్డ పేరుకూ పోలికే ఉండకపోవచ్చు. పైగా మనవాళ్లలో చాలామందికి ఇంట్లో తెలుగు పేరు, బడిలో బర్మా పేరు. అందుకే ప్రతి బిడ్డకూ రెండు పేర్లూ రాసుకుంటాం. తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్న పెద్దల ఫొటో, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు నంబరు చేర్పించేటప్పుడే తీసుకుని జాబితాలో పెడతాం. యాంగోన్‌లో ఇచ్చిన కార్డుల నంబరు 12తో మొదలవుతుంది, దాని వెనక టౌన్‌షిప్ అక్షరాలు ఉంటాయి. ఇంగ్లిషు అక్షరాల్లో పేరును ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, నంబరు మాత్రం మారదు.

పొద్దున దింపినవాళ్లకు సాయంత్రం తీసుకెళ్లే హక్కు దానంతటదే రాదు. ఈ మాట చాలామందికి కష్టంగా ఉంటుంది. నగరంలో మోటారు సైకిళ్లకు అనుమతి లేదు కాబట్టి తెలిసిన ట్యాక్సీ అతనితో పంపేవాళ్లున్నారు. దింపడం వరకు సరే. తీసుకెళ్లాలంటే అతని పేరూ జాబితాలో ఉండాలి.

ఒక సాయంత్రం ఇలా జరుగుతుందనుకోండి. జాబితాలో లేని ఒకావిడ వస్తుంది. పాప "పిన్నీ!" అంటూ పరుగెత్తబోతుంది. మన పిల్లలు తల్లి ఈడు ఆడవాళ్లను పిన్ని అని పిలుస్తుంటారు, కాబట్టి ఆ పిలుపు సాక్ష్యం కాదు. పాపను లోపలే ఉంచి, ఫారంలో ఉన్న నంబరుకు తల్లికి ఫోన్ చేస్తాను. వచ్చినావిడ తన ఫోన్ కలిపి ఇస్తే తీసుకోను. "మీ చెల్లెలిని పంపారా?" అని అడిగితే జవాబు నేనే అందించినట్టవుతుంది. "ఎవరిని పంపారమ్మా?" అనే అడగాలి. తల్లి చెప్పిన పేరు కార్డు మీది పేరుతో కలిస్తే, ఆ కార్డు మీది ఫొటోను ముఖంతో సరిచూసి, టైము వేసి, ఆవిడ సంతకంతో పాటు మాలో మరొకరి సంతకం కూడా పెట్టిస్తాను. అదీ ఆ ఒక్క రోజుకే. జాబితాలో చేర్చాలంటే తల్లో తండ్రో స్వయంగా వచ్చి రాయాలి. తల్లి ఫోన్ ఎత్తకపోతే తండ్రికి చేస్తాను. ఇద్దరూ దొరక్కపోతే పాప మా దగ్గరే ఉంటుంది, ఇద్దరు పెద్దలు తోడుంటారు. ఆ పిన్ని నొచ్చుకుంటుందని నాకు తెలుసు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి కూర్చోబెడతాను, పాపను మాత్రం పంపను.

కరెంటు పోవడం, నెట్ ఆగిపోవడం ఇక్కడ మామూలే. అందుకని జాబితా, ఫొటోలు కాగితం మీదే ఉంటాయి. ఆఖరున పొద్దున వచ్చినవారి లెక్కలోంచి వెళ్లినవారి లెక్క తీసేసి, లోపలున్న పిల్లల తలలు లెక్కపెడతాను. రెండూ కలవకపోతే ముందు గేటు మూస్తాం, మెట్లూ గదులూ వెతుకుతాం, ఆ తర్వాతే రిజిస్టరులో తప్పు కోసం చూస్తాం.