అద్దె బండి ఎక్కేముందు ప్లేటు రంగు చూడండి

శామీర్‌పేటలో నల్సార్, దగ్గర్లోనే బిట్స్ క్యాంపస్, ఇటు మేడ్చల్ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు. బండి లేనిదే పిల్లలకు పూట గడవదు. అద్దెకు బళ్లిచ్చే పనిలో ఉన్నవాణ్ని, వాళ్లు అడిగేవి నాకు కంఠతా వచ్చు: రోజుకెంత, డిపాజిట్ ఎంత, పెట్రోల్ ఎవరు పోయించాలి. ఇన్సూరెన్స్ కాగితం చూపించమనేవాళ్లు అరుదు.

సొంతంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే పెట్రోలు బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. 1997లో కేంద్రం తెచ్చిన రెంట్ ఎ మోటార్ సైకిల్ పథకం కింద లైసెన్సూ ఉండాలి. హాస్టళ్ల దగ్గర చేతులు మారుతున్న బళ్లలో తెల్ల ప్లేటువీ ఉన్నాయి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీలో, అద్దెకు తిప్పితే వర్తించదని రాసే ఉంటుంది.

తెల్ల ప్లేటు స్కూటీ తీసుకున్న కుర్రాడు రాజీవ్ రహదారి మీద ఎవరినో గుద్దాడనుకుందాం. అద్దె కట్టినట్టు ఫోన్‌లో లెక్క దొరుకుతుంది. అది చూపి కంపెనీ స్కూటీ రిపేరు ఖర్చు ఇవ్వనంటుంది. దెబ్బ తగిలినవాళ్ల పరిహారాన్ని కంపెనీ ముందు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. అంటే ఆ భారం చివరికి బండి ఇచ్చినవాడి మీదే పడుతుంది.

మరి నడిపేవాడికే దెబ్బ తగిలితే? పాలసీతో వచ్చే 15 లక్షల ప్రమాద బీమా, లైసెన్సున్న యజమాని తానే నడిపినప్పటిది. అద్దెకు తీసుకున్నవాడికి రాదు. 2009లో సుప్రీంకోర్టుకు ఒక కేసు వచ్చింది. వేరొకరి మోటార్‌సైకిల్ అడిగి తీసుకెళ్లిన మనిషి ఎడ్లబండిని గుద్ది చనిపోయాడు. బండి తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వస్తాడు కాబట్టి, తప్పెవరిదని చూడకుండా పరిహారమిచ్చే సెక్షన్ కింద అతని కుటుంబానికి హక్కు లేదని కోర్టు చెప్పింది. నల్ల ప్లేటు ఉన్నా ఈ లోటు తీరదు.

గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న ఎలక్ట్రిక్ బళ్లకు లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, బీమా తప్పనిసరీ కాదు. దానితో ఎవరినైనా గుద్దితే, విడిగా బీమా తీసుకోకపోతే, కట్టేది మనమే.

బండి తిరిగొచ్చాక నేను ముందు చూసేది బ్రేక్ లివర్ల చివర్లు. పడిన బండికి అక్కడి గుండు అరిగిపోయి, గీతల్లో మట్టి ఇరుక్కుని ఉంటుంది. తర్వాత ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి హ్యాండిల్ నిటారుగా ఉందో లేదో చూస్తాను. వంకర ఉంటే ఆ బండి మెకానిక్ దగ్గరికే తప్ప ఇంకో పిల్లాడి చేతికి ఇవ్వను. మీరూ తీసుకునేటప్పుడు ఇవే చూసి, నాలుగు వైపులా వీడియో తీసుకోండి. పాత గీతకు డిపాజిట్ పోదు.

ఇక పిల్లల్ని చదువుకు పంపిన తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లల పేరు మీద విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. ఏడాదికి కట్టేది పెద్ద మొత్తమేమీ కాదు. తీసుకునేముందు, అద్దె బండి నడిపినా వర్తిస్తుందో లేదో అడిగి రాయించుకోండి.