శని ఒక రాశి ముందున్నాడు

షష్టిపూర్తి సభల్లో ప్రసంగాలు చాలా విన్నాను. ఎక్కువగా అవి ఉద్యోగ విరమణ సన్మానాల్లాగే ఉంటాయి: చదువు, ఉద్యోగం, పిల్లల పెళ్లిళ్లు, చివర నిండు నూరేళ్ల దీవెన. 2025 ఆగస్టు 9న, శ్రావణ పూర్ణిమ నాడు, రాజమహేంద్రవరంలో ఒక పురోహితులు నాలుగైదు నిమిషాలు మాట్లాడారు. ఆ మాటల అల్లిక గురించి చెప్పాలి.

ముందుగా, ఆయన ఎంచుకున్న సమయం. హోమం అయింది, కలశాల నీళ్లతో దంపతులకు స్నానం చేయించారు, వాళ్లు కొత్తబట్టలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. మాంగల్యధారణ ఇంకా కాలేదు. అది అయ్యాక మాట్లాడితే ఎవరూ వినరు, అందరి చూపూ విస్తళ్ల వైపే ఉంటుంది. అందుకని ఆయన మంగళసూత్రం పళ్లెంలో ఉండగానే మొదలుపెట్టారు.

సభకు నమస్కారాలు చెప్పలేదు. "పొద్దున మీరు సంకల్పంలో ఏ సంవత్సరం పేరు చెప్పారు?" అని యజమానినే అడిగారు. ఆయన "విశ్వావసు" అన్నారు. "మీరు పుట్టింది?" "అదే." అరవై పేర్ల వరసలో విశ్వావసు ముప్పై తొమ్మిదోది. 1965లో వచ్చింది, మళ్లీ 2025లో వచ్చింది. ఈ లెక్కను ఆయన సభకు వివరించలేదు, యజమాని నోటే పలికించారు. ప్రసంగంలోని తక్కినదంతా ఈ రెండు జవాబుల మీదే నిలబడింది.

తర్వాత ఆకాశంలోకి వెళ్లారు. గురువు రాశిచక్రం చుట్టి రావడానికి సుమారు పన్నెండేళ్లు, శనికి సుమారు ముప్పై. అయిదు పన్నెండ్లు, రెండు ముప్పైలు అరవైలో కలుస్తాయి. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. అక్కడే ఆగిపోయి ఉంటే "అన్నీ మొదటికి వచ్చాయి, మళ్లీ పసితనం" అనే పాత మాటే మిగిలేది. ఆయన మాత్రం రెండు రోజుల గ్రహస్థితులూ పంచాంగాల్లో చూసుకుని వచ్చారు. యజమాని పుట్టింది 1965 ఆగస్టు 12, శ్రావణ పూర్ణిమ. ఇంగ్లీషు తేదీ మూడు రోజులు జరిగినా తిథి మాత్రం అదే. ఆనాడు గురువు మిథునంలో ఉన్నాడు, ఈ సభ నాడూ మిథునంలోనే. శని మాత్రం అప్పుడు కుంభంలో, ఈ సభ నాడు మీనంలో. ఎందుకంటే ఆ పన్నెండు, ముప్పై అన్నవి గుండ్రం చేసిన అంకెలే. శని నిజానికి ముప్పై ఏళ్లకు ఓ ఆర్నెల్లు ముందే చుట్టు ముగిస్తాడు. రెండు చుట్లకు ఆ తేడా ఏడాది దాటుతుంది.

మరొకరైతే ఈ పొసగనితనాన్ని దాచేవారు. ఆయన దాన్నే అర్థంగా మలిచారు. జ్ఞానకారకుడు పాత చోటికే వచ్చాడు, ఆయుష్కారకుడు ఆ చోటు దాటి వెళ్లిపోయాడు. కాబట్టి తిరిగి వచ్చింది సంవత్సరం పేరేగాని మీరు కాదు, చూసిన చోటునే ఇప్పుడు వయసుతో చూడమని ఈ కర్మ చెబుతోంది అన్నారు. శాంతి కర్మలోని గండం భయాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. అది నాకు నచ్చింది. భయపెట్టి భక్తి పుట్టించడం తేలిక.

ఇక అసలు పనితనం ఇక్కడుంది. "మీ నామకరణం నాడు ఇదే విశ్వావసు పేరు మీ నాన్నగారు మీ కోసం సంకల్పంలో చెప్పారు. ఇవాళ మీ అంతట మీరు చెప్పారు. ఈ నడుమ అరవై ఏళ్లూ ఎవరో మీ తరఫున కోరుకున్నవి మీరు తీర్చారు. ఇకనుంచి కోరిక మీదే, దాని బాధ్యతా మీదే." తండ్రి లేని లోటు గురించి ఒక్క విశేషణం కూడా వాడలేదు. సంకల్పం ఎవరు చెప్పారన్న ఒక్క వాస్తవంతోనే ముందు వరసలో కూర్చున్న యజమాని అక్కగారు కొంగు కళ్లకద్దుకున్నారు. ఆ వెంటనే ఇల్లాలి వైపు తిరిగి, "అమ్మా, మీ అరవై ఇంకా నిండలేదు, ఈ పుణ్యంలో మాత్రం మీ వాటా ఇవాళే నిండింది" అన్నారు. పక్కన పీటకే పరిమితమైపోయే మనిషిని ఒక్క మాటతో కర్మలోకి తెచ్చారు.

ఒక్కచోట నాకు అడ్డు తగిలింది. మధ్యలో మార్కండేయుడి కథ ఎత్తుకున్నారు. అది మృత్యువును గెలిచిన కథ; ఈ ప్రసంగం వయసును ఒప్పుకోమని చెబుతోంది. రెండూ ఒక దారిలో నడవవు. ఆ నాలుగు వాక్యాలు తీసేస్తే ఇంకా బిగువుగా ఉండేది.

ముగింపు మాత్రం మళ్లీ లెక్కే. రాబోయే విశ్వావసు 2085లో. "అప్పుడు ఈ పేరు సంకల్పంలో చెప్పేది వీడు" అని యజమాని ఒళ్లోని మనవణ్ణి చూపించి, మంగళసూత్రం పళ్లెం అందుకున్నారు. దీవెన వేరే చెప్పలేదు, మంత్రం ఎలాగూ చెబుతుంది కనుక.

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో షష్టిపూర్తికి మాట్లాడమంటే బయోడేటా అడగకండి. పుట్టిన రోజు పంచాంగం, షష్టిపూర్తి రోజు పంచాంగం పక్కపక్కన పెట్టుకుని ఒక గంట కూర్చోండి.