24 గడుల నుంచి ఒక్క వరుస

సర్జికల్ వార్డులో ఉదయం రౌండ్స్‌కి వచ్చిన పెద్ద సార్ ఒక్కో మంచం దగ్గర నిలబడేది రెండు మూడు నిమిషాలే. ఆ కాసేపట్లో ఆయన తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "నిన్నటి బ్యాలెన్స్ ఎంత?" జవాబు ఒక్క అంకె. ప్లస్ ఇంత, లేదంటే మైనస్ ఇంత. రోగి ఒంట్లోకి వెళ్ళిన ద్రవం ఎంత, బయటికి వచ్చింది ఎంత, తేడా ఎంత అన్నది ఆ అంకె చెబుతుంది. ఆ రోజు సెలైన్ పెంచాలా తగ్గించాలా అన్నది చాలావరకు దాన్నిబట్టే తేలుతుంది.

తీసివేత చేయడం ఎవరికైనా వచ్చు. కానీ మా వార్డులో రాత్రి డ్యూటీ చేసే ఒక సీనియర్ సిస్టర్ ఐ.ఓ. చార్టుని ముగించే తీరు వేరు. ఆమె ముగించిన ఒక షీటుని ఇక్కడ విప్పి చూపిస్తాను.

రోగి 60 కిలోల మనిషి. చిన్నపేగు మొదట్లో పుండు పగిలి, దాన్ని మూసే ఆపరేషన్ జరిగి రెండో రోజు. నోటి ద్వారా ఏమీ ఇవ్వడం లేదు. ముక్కులోంచి రైల్స్ ట్యూబ్, పొట్టలో డ్రెయిన్, మూత్రానికి క్యాథెటర్, చేతికి సెలైన్. గంటకి 100 మి.లీ. చొప్పున ఎక్కించమని ఆర్డరు. ఉదయం 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు ఒక రోజు లెక్క. గంటకో గడి చొప్పున 24 గడులు.

గంటకి 100 అంటే రోజుకి 2400 అని కళ్ళు మూసుకుని రాసేయవచ్చు. చాలాచోట్ల అలాగే రాస్తారు కూడా. ఈ షీటులో 2200 అని ఉంది. రాత్రి 9 గంటలకి కాన్యులా దగ్గర చెయ్యి వాచింది. కొత్త నరం దొరికి మళ్ళీ సెలైన్ మొదలయ్యేసరికి 11 అయింది. ఆ రెండు గడుల్లోనూ ఆమె సున్నా వేసి, పక్కన కారణం రాసింది. ఆర్డరులో ఉన్నది కాదు, ఒంట్లోకి వెళ్ళిందే చార్టులోకి ఎక్కాలన్నది ఆమె మొదటి నియమం.

సీసాల విషయంలోనూ ఆ నియమమే. తెల్లవారుజామున 6:30కి కొత్తగా 500 మి.లీ. సీసా తగిలించారు. 8 గంటలకి లెక్క ముగించేటప్పటికి అందులో 150 మాత్రమే ఎక్కింది. తగిలించినప్పుడే సీసా మొత్తం రాసే అలవాటు ఉన్నవాళ్ళ చేతిలో అయితే, ఇంకా స్టాండుకి వేలాడుతున్న 350 మి.లీ. కూడా రోగి ఒంట్లో ఉన్నట్టే లెక్కకి వస్తుంది. ఆమె ఆ 350ని కొత్త రోజు షీటు నెత్తిన "మిగులు" అని రాసి పెట్టింది. యూరోబ్యాగ్‌కి కూడా ఇంతే. సరిగ్గా 8కి యూరోమీటర్‌లో ఉన్నదంతా కొలిచి, బ్యాగ్ ఖాళీ చేయిస్తుంది. డ్రెయిన్ బ్యాగ్ మీద ప్లాస్టర్ ముక్క అంటించి, అప్పటి మట్టం దగ్గర గీత గీసి గంట వేస్తుంది. మర్నాడు ఆ గీత పైన చేరినదే ఆ రోజు లెక్క. ఈ గీత లేకపోతే మూడు రోజులుగా పోగైనదంతా ఒకే రోజు కారినట్టు కనిపిస్తుంది.

ఇక అందరూ వదిలేసే పద్దు ఒకటుంది: మందులతో వెళ్ళే నీళ్ళు. మెట్రోనిడజోల్ 100 మి.లీ. సీసా రోజుకి మూడుసార్లు. పిపరాసిలిన్ టాజోబాక్టం 100 మి.లీ. సెలైన్‌లో కలిపి మూడుసార్లు. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ 100 మి.లీ. సీసా మూడుసార్లు. వెరసి 900. డాక్టర్లు వీటిని మందుల కింద రాస్తారు కాబట్టి ద్రవాల ఖాతాలో కనపడవు. ఈ రోగికి మొత్తం వెళ్ళినదాంట్లో నాలుగో వంతు ఇదే. రైల్స్ ట్యూబ్ మూసుకుపోకుండా 20 మి.లీ. చొప్పున నాలుగుసార్లు పంపిన నీళ్ళని కూడా ఆమె వదల్లేదు. ఆ 80 తర్వాత ట్యూబ్ నుంచి తీసిన ద్రవంలో కలిసి బయటి లెక్కలోకి వస్తుంది కాబట్టి, లోపలి లెక్కలోనూ ఉండాలి. తెల్లవారుజామున ఇచ్చిన 250 మి.లీ. ఆర్.ఎల్. ఇంకొకటి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు షిఫ్టులవారీ కూడిక. ఉదయం డ్యూటీ 8 నుంచి 2 వరకు లోపలికి 820, బయటికి 550. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 వరకు లోపలికి 920, బయటికి 550. రాత్రి 12 గంటల్లో లోపలికి 1690, బయటికి 845. మొత్తం లోపలికి 3430, బయటికి 1945. నెట్ ప్లస్ 1485.

ఆమె ఇక్కడితో ఆగదు. అవే అంకెలని అడ్డంగా కూడుతుంది: సెలైన్ 2200, మందులు 900, బోలస్ 250, ట్యూబ్ నీళ్ళు 80. మళ్ళీ 3430 రావాలి. బయటివైపు మూత్రం 1025, రైల్స్ ట్యూబ్ 780, డ్రెయిన్ 140. మళ్ళీ 1945 రావాలి. పద్దుల పుస్తకంలో గుమాస్తా చేసే పనే ఇది. నిలువు కూడిక, అడ్డం కూడిక కలవకపోతే ఎక్కడో ఒక గడి తప్పింది. ఎక్కువగా దొరికే తప్పు ఏమిటంటే, గంట గంటకీ రాయాల్సిన చోట ఎవరో అప్పటివరకు అయిన మొత్తాన్ని రాయడం. 45 తర్వాత 50 ఉండాల్సిన గడిలో 95 ఉంటుంది. దాన్ని కూడికలో వేస్తే 45 రెండుసార్లు లెక్కకి వచ్చినట్టే.

అయితే ఈ షీటులో మధ్యాహ్నం 3 గంటల గడిలో నిజంగానే 95 ఉంది, దాని ముందు గడి ఖాళీ. రోగిని ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు, ఆ గంట ఎవరూ చూడలేదు. ఆమె రెండు గడులనీ కలిపి ఒక బ్రాకెట్టు గీసింది. 95 రెండు గంటలది అని ఆ గీతే చెబుతుంది. ఖాళీ గడికి, సున్నాకి, "కొలవలేదు" అన్న మాటకి ఆమె చార్టులో మూడు వేర్వేరు అర్థాలు. రాత్రి ఒకసారి ట్యూబ్ పక్కనుంచి వాంతి అయి దుప్పటి తడిసింది. దానికి ఊహించి 100 అని వేయలేదు, వదిలేయనూ లేదు. "వాంతి ఒకసారి, కొలవలేదు, దుప్పటి మార్చాం" అని రాసింది. అంకె చూసేవాళ్ళకి అసలు నష్టం 1945 కంటే కొంచెం ఎక్కువేనని తెలుస్తుంది.

నాకు బాగా నచ్చింది ఆమె బయటి లెక్కని ఒక్క మొత్తంగా ఇవ్వకపోవడం. 1945 అన్న అంకె సర్జన్‌కి పెద్దగా పనికిరాదు. అందులో 780 కడుపులోంచి వచ్చింది అని తెలిస్తే పనికొస్తుంది. కడుపు ద్రవంతో పాటు క్లోరైడ్ పోతుంది, ఆ వెనకే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. దాన్ని మామూలు సెలైన్‌తో, రక్తపరీక్ష చూసి పొటాషియం కలిపి పూడ్చాలి. మూత్రం ఎక్కువగా పోతే చేసే ఆలోచన వేరు. రెంటినీ కలిపేస్తే ఆ తేడా అంకెలో కరిగిపోతుంది.

ఇక అసలు సంగతి. మూత్రం 1025. రోజుకి లీటరు దాటింది కదా, బాగానే ఉందనిపిస్తుంది. 60 కిలోల మనిషికి గంటకి సుమారు 43 మి.లీ., అంటే కిలోకి 0.7. కిలోకి గంటకి అర మి.లీ. కంటే, అంటే ఈయనకి 30 కంటే తగ్గకపోతే చాలని మేం అనుకుంటాం. సగటు పరీక్ష పాసయింది. కానీ గడులు చూడండి. రాత్రి 11 నుంచి తెల్లవారి 5 వరకు 22, 18, 15, 15, 18, 17. ఆరు గంటలకి 105 మి.లీ. ఇలా ఆరు గంటలు 0.5 కంటే తగ్గితే కిడ్నీకి దెబ్బ తగలడం మొదలైందని చెప్పే హద్దు అది. 2012 కె.డి.ఐ.జి.ఓ. మార్గదర్శకాల్లోనూ ఆ హద్దు ఉంది. కాన్యులా పోయి రెండు గంటలు సెలైన్ ఆగింది, అదే సమయంలో ట్యూబ్ నుంచి ద్రవం ఎక్కువగా వచ్చింది, వాంతి కూడా అయింది. దాని ఫలితం తర్వాతి గంటల్లో మూత్రంలో కనిపించింది.

ఆమె ముందు క్యాథెటర్ గొట్టం ఎక్కడైనా మెలిపడిందేమో చూసింది. పొత్తికడుపు నొక్కి చూస్తే మూత్రాశయం నిండి లేదు. నాడి 108. 3 గంటలకి డ్యూటీ డాక్టర్‌ని లేపింది. ముందే చెప్పిన 250 మి.లీ. బోలస్ అప్పుడు ఇచ్చిందే. 5 తర్వాత గడులు 45, 55, 60.

అందుకే రౌండ్స్ కోసం ఆమె రాసిన వరుస ఇలా ఉంది: "లోపలికి 3430, బయటికి 1945 (మూత్రం 1025, ట్యూబ్ 780, డ్రెయిన్ 140), నెట్ ప్లస్ 1485. రాత్రి 11 నుంచి 5 వరకు మూత్రం 105 మాత్రమే, బోలస్ తర్వాత పెరిగింది. వాంతి ఒకటి కొలవలేదు. బరువు నిన్న 60.3, ఈ రోజు 61.1."

చివర ఉన్న బరువు ఎందుకో చెప్పాలి. చెమటగా, ఊపిరిగా పోయే నీరు చార్టులో ఎక్కడా ఉండదు. కొద్దిగా జ్వరం ఉన్న ఈ మనిషికి అది రోజుకి 700 మి.లీ. దాకా ఉండవచ్చు. కొందరు దాన్ని కూడా బయటి లెక్కలో కలిపేస్తారు. ఆమె కలపదు. కొలిచినది వేరు, అంచనా వేరు. దానికి బదులు, బ్యాగుల బరువు పడకుండా చూసుకుని, అదే కాటా మీద, అదే సమయానికి రోగిని పట్టుకుని నిలబెట్టి తూస్తుంది. 1485లోంచి 700 తీస్తే 785. కాటా చూపిన పెరుగుదల 0.8 కిలో. లీటరు నీరు కిలో బరువు కాబట్టి రెండూ కలిశాయి. ఇంత దగ్గరగా కలవడం అరుదు, అంచనాలో రెండు మూడు వందల తేడా మామూలే. లీటరు తేడా వస్తే మాత్రం చార్టులో ఏదో గల్లంతైందని అర్థం. లేవలేని రోగుల్లో ఈ సరిచూపు కుదరదు, ఆ మంచాల దగ్గర చార్టు మీదే ఆధారపడాలి.

ఆ ఉదయం ప్లస్ 1485 విన్న పీజీ ఒకరు "నీరు ఎక్కువైంది, లాసిక్స్ ఇద్దామా సార్?" అన్నారు. పెద్ద సార్ రెండో వాక్యం మీద వేలు పెట్టారు. ఒంట్లో చేరిన నీరు ఇంకా పేగుల్లో, వాచిన కణజాలంలో ఉంది, రక్తనాళాల్లో లేదు. రాత్రి ఆ ఆరు గంటలు చూపించింది అదే. ఆర్డరు అదే 100 దగ్గర ఉంచి, ట్యూబ్ నుంచి పోయినంత సెలైన్‌తో పూడ్చమన్నారు, పొటాషియం రిపోర్టు తెప్పించమన్నారు. లాసిక్స్ ఇవ్వలేదు.

వార్డుల్లో కొత్తగా చేరే హౌస్ సర్జన్లకి ఒక్క మాట. నెట్ అంకె రాసుకునే ముందు గడుల వైపు ఒకసారి చూడండి, ముఖ్యంగా అర్ధరాత్రి గడులు. ఇలాంటి రెండో వాక్యం రాసే సిస్టర్ మీ వార్డులో ఉంటే, రౌండ్స్‌కి ఐదు నిమిషాల ముందే వెళ్ళి ఆమె షీటు ఎలా ముగిస్తుందో పక్కన నిలబడి నేర్చుకోండి.