బంగారం కింద ఏ గుడ్డ?

మా వదిన చిలకలపూడి నుంచి వన్‌గ్రామ్ నగలు తెప్పించి వాట్సాప్‌లో అమ్ముతుంది. పోయిన నెల ఒక గుండ్ల హారం తిరిగొచ్చింది. ఫొటోలో పాతకాలం నగలా ఎర్రగా ఉందట, చేతికొచ్చింది పసుప్పచ్చగా ఉందట. "ఏంటయ్యా, నీది కెమెరా పనేగా, తప్పెక్కడుందో చెప్పు" అని వదిన ఫోన్ చేసింది.

తప్పు హారం కింద ఉంది. నగల పెట్టెల్లో ఉంటుంది కదా అని ఎర్ర వెల్వెట్ పరిచింది. బంగారం ఎరుపు వెలుగును దాదాపు అంతా వెనక్కి పంపుతుంది, నీలాన్ని చాలావరకు మింగేస్తుంది. దాని పసుపు అలా వచ్చిందే. అందుకే ఎర్ర గుడ్డ ప్రతి గుండు అడుగునా అద్దంలో పడ్డట్టు పడి, నగకు రాగి ఛాయ తెచ్చింది. ముదురు నీలం పరిస్తే ఆ ప్రతిబింబం దాదాపు నల్లటి అంచుగా మారి, గుండు గుండూ విడిగా తేలుతుంది. పూత పలచనిదైనా పైన ఉన్నది బంగారమే కాబట్టి గుణం అదే.

ఆదివారం వెళ్లి అర మీటరు నీలం వెల్వెట్ పరిచాను. శాటిన్ వద్దన్నాను, దాని మెరుపు నగతో పోటీ పడుతుంది. ఎడమ పక్క కిటికీ, కుడి పక్క తెల్ల చార్టు. మొదటి ఫొటో చూసి వదిన నవ్వింది. హారం నారింజ రంగులో ఉంది, గుండ్ల మీద మెరుపులు తెల్లగా మాడిపోయాయి. ఫ్రేమంతా నీలమయ్యేసరికి ఫోన్ తనంతట తాను పసుపు కలిపింది, గుడ్డ చీకటిగా ఉందని వెలుతురూ పెంచింది. ప్రో మోడ్‌లో WB ని 5500 దగ్గర ఆపి, EV ని -1 కి దించాను. హారం పక్కన తెల్ల కాగితం పెట్టి ఒక ఫొటో తీశాం. కాగితానికి ఏ రంగూ అంటకుండా ఉంటే నగ రంగును నమ్మొచ్చు.

స్టీలుతో ఇంకో తంటా. దానికంటూ రంగు లేదు, ఎదురుగా ఏముంటే అదే. ఓ గిన్నెల కొట్టుకు తీసిన గ్లాసు ఫొటోలో నా చొక్కా గళ్లు లెక్కపెట్టొచ్చు. తెల్ల చార్టు ముందు పెడితే గ్లాసు అంచులు అందులో కరిగిపోతాయి. ఫ్రేముకు బయట రెండు పక్కలా నల్ల చార్టు పట్టీలు నిలబెడితే అంచున నల్ల గీత పడి ఆకారం తిరిగొస్తుంది. గాజు గ్లాసుకూ ఇదే పని చేస్తుంది, కాకపోతే దాని వెనకున్న తెల్ల చార్టు మీద వెలుతురు బాగా పడాలి.

వదిన ఇప్పుడు అన్నిటికీ నీలమే పరుస్తోంది. మొన్న నల్లపూసల గొలుసు ఫొటో పంపింది. లాకెట్టు ఒక్కటే గాల్లో వేలాడుతున్నట్టుంది, పూసలు గుడ్డలో కలిసిపోయాయి. దానికి గంధం రంగు గుడ్డ తెచ్చుకోమన్నాను.