నిమిషాలు లేని పరుగుల లెక్క

హాకీ మ్యాచ్ అయిపోగానే అమ్మాయిలు జెర్సీ లోపల వేసుకున్న బిగుతు చొక్కా వీపు జేబులోంచి జీపీఎస్ యూనిట్లు తీసి ఇచ్చేస్తారు. వాటిని కంప్యూటర్‌కు తగిలించిన కాసేపటికి తెర మీద ఒక పెద్ద పట్టిక వస్తుంది. అందులో ఎన్ని వరుసలున్నా అందరి కళ్లూ వెళ్లేది రెండింటి మీదికే. ఎవరు ఎన్ని మీటర్లు వేగంగా పరిగెత్తారు, ఎవరు ఎన్ని స్ప్రింట్లు కొట్టారు. అమ్మాయిలు పోటీపడి అడుగుతారు, కోచ్‌లు కూడా అదే అడుగుతారు. ఆ రెండు అంకెలనూ చివర చూడాలని నేనంటాను. మొదట చూడాల్సింది, ఆ అమ్మాయి మైదానంలో ఎన్ని నిమిషాలు ఉందన్నది.

హాకీలో ఈ మాట ఫుట్‌బాల్‌లో కంటే ఎక్కువ అవసరం. ఫుట్‌బాల్‌లో బయటికి వెళ్లిన ఆటగాడు మళ్లీ రాడు. హాకీలో ఎవరు ఎన్నిసార్లయినా బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లవచ్చు. మన హైదరాబాదీ వింగర్ ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడిన రోజుల్లో మ్యాచ్ అంటే 35 నిమిషాల చొప్పున రెండు భాగాలు. 2014 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లు 15 నిమిషాల నాలుగు క్వార్టర్లుగా మారాయి. ఇప్పుడు ఫార్వర్డ్ నాలుగైదు నిమిషాలు ప్రాణం పెట్టి పరిగెత్తి బెంచీకి వచ్చేస్తుంది, ఊపిరి తీసుకుని మళ్లీ వెళ్తుంది. సెంటర్ హాఫ్ మాత్రం దాదాపు మ్యాచ్ అంతా లోపలే ఉంటుంది. వీళ్లిద్దరి మొత్తం మీటర్లను పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కువ కష్టపడ్డారో తేల్చడం అన్యాయం.

లెక్క తెలియడానికి ఒక మ్యాచ్ అనుకుందాం. ధర్మవరంలో ఇద్దరమ్మాయిలు ఆడారు. సెంటర్ హాఫ్ 52 నిమిషాలు లోపల ఉండి 780 మీటర్లు వేగంగా పరిగెత్తింది. ఫార్వర్డ్ 36 నిమిషాలే ఉంది, 612 మీటర్లు పరిగెత్తింది. పట్టికలో సెంటర్ హాఫే పైన కనిపిస్తుంది. నిమిషాలతో భాగిస్తే ఆమెది నిమిషానికి 15 మీటర్లు, ఫార్వర్డ్‌ది 17. వరుస తారుమారైంది. ఇంతవరకూ ఎవరైనా చేయగలరు.

అసలు చదవడం ఇక్కణ్నుంచి మొదలవుతుంది. ఆ ఫార్వర్డ్ ప్రతి క్వార్టర్‌లోనూ తొమ్మిదేసి నిమిషాలు ఆడింది. వేగంగా పరిగెత్తిన దూరం మొదటి క్వార్టర్‌లో 189 మీటర్లు, రెండోదానిలో 171, మూడోదానిలో 144, నాలుగోదానిలో 108. నిమిషానికి 21 నుంచి 12కు పడిపోయింది. ఈ మెట్లు చూసిన వాళ్లెవరైనా అమ్మాయి అలసిపోయింది, దమ్ము చాలట్లేదు, రేపట్నుంచి ఇంకో రెండు రౌండ్లు పరిగెత్తించాలి అంటారు. ఆ అమ్మాయిని అడిగితే ఏమంటుందో కూడా వినాలి. "కాళ్లు బాగానే ఉండాయి సార్, బాల్ మా సైడుకే రాలేదు" అందనుకోండి. ఇద్దరిలో ఎవరి మాట నిజమో అదే పట్టిక చెబుతుంది, ఇంకో రెండు వరుసలు చూసే ఓపిక ఉంటే.

మొదటిది, నడకా పరుగూ అన్నీ కలిపిన మొత్తం దూరం నిమిషానికి ఎంత అన్నది. మొదటి క్వార్టర్‌లో 118 మీటర్లు, నాలుగోదానిలో 115 అని ఉంటే ఆమె కదలడం తగ్గలేదు, వేగంగా పరిగెత్తే సందర్భాలే తగ్గాయి. రెండోది, ఆ క్వార్టర్‌లో ఆమె అందుకున్న గరిష్ఠ వేగం. చివరి క్వార్టర్‌లో ఒక్క కౌంటర్ అటాక్‌లోనైనా ఆమె తన మామూలు గరిష్ఠ వేగానికి దగ్గరగా వెళ్లి ఉంటే కాళ్లలో సత్తా ఉన్నట్టే. ఆ తర్వాత వీడియో చూడాలి. మూడు గోల్స్ ఆధిక్యంలో ఉన్న జట్టు చివర్లో బంతిని వెనకాలే తిప్పుతూ ఉంటే ముందున్న ఫార్వర్డ్ పరిగెత్తి ఎక్కడికి వెళ్తుంది? అలాకాకుండా మొత్తం దూరమూ తగ్గి, గరిష్ఠ వేగమూ తగ్గి, బంతి ఆమె వైపు వస్తూనే ఉంటే అప్పుడు అలసట అనవచ్చు. పైకి అవే మెట్లు, కానీ వాటి వెనక రెండు వేర్వేరు మ్యాచ్‌లు ఉన్నాయి. మొదటి మ్యాచ్‌లోని అమ్మాయికి అదనపు రౌండ్లు వేయిస్తే ఆమె చేయని తప్పుకు శిక్ష వేసినట్టు.

ఇక 'వేగంగా' అంటే ఎంత వేగం? యూనిట్ ఉపగ్రహాల సంకేతాలను పట్టి సెకనుకు పదిసార్లు వేగాన్ని రాసుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో మనం ఒక గీత గీస్తాం. గంటకు 16 కిలోమీటర్లు దాటితే వేగపు పరుగు, 20 దాటితే స్ప్రింట్ అని. ఈ గీత జల్లెడ కన్ను లాంటిది, కన్ను మారిస్తే మిగిలే గింజలూ మారతాయి. ఫుట్‌బాల్‌లో చాలామంది వేగపు పరుగుకు 19.8, స్ప్రింట్‌కు 25.2 వాడతారు. ఆ గీతల్నే మార్చకుండా వదిలేసి కర్ర పట్టుకుని వంగి పరిగెత్తే హాకీ అమ్మాయిలకు పెడితే సగం మందికి స్ప్రింట్లు సున్నా అని వస్తుంది. వాళ్లు బద్ధకంగా ఆడారని కాదు, గీత వాళ్లది కాదు. అందుకే రెండు జట్ల అంకెలను పోల్చేముందు ఎవరు ఏ గీత పెట్టుకున్నారో అడగాలి. ఒకే జట్టులోనూ ఒకే గీత అందరికీ సరిపోదు. గంటకు 28 కిలోమీటర్లు అందుకోగల వింగర్‌కు 20 అంటే హాయి పరుగు, 23 దాటలేని ఫుల్‌బ్యాక్‌కు అదే 20 ప్రాణం మీదికి వచ్చే పరుగు. నా మటుకు నేను ఒక్కొక్కరి గరిష్ఠ వేగాన్ని 40 మీటర్ల పరుగుతో ముందే కొలిచి పెట్టుకుని, అందులో ఎనభై శాతం దాటిన పరుగును విడిగా చూస్తాను.

స్ప్రింట్ల లెక్క ఇంకా సున్నితమైనది. ఎడమ అంచున ఒక అమ్మాయి బంతి కోసం నాలుగు సెకన్లు పరిగెత్తింది. వేగం 20.6 వరకు వెళ్లింది, డిఫెండర్‌ను తప్పించుకునేటప్పుడు క్షణంపాటు 19.7కు దిగింది, మళ్లీ 20.8కి ఎక్కింది. మన కంటికి అది ఒకే పరుగు. గీత కిందికి దిగగానే స్ప్రింట్ ముగిసినట్టు లెక్క వేసే సాఫ్ట్‌వేర్‌లో అది రెండు. గీత పైన కనీసం రెండు సెకన్లు ఉండాలని షరతు పెట్టుకుంటే, ఆ రెండు ముక్కల్లో ఏదీ అంతసేపు లేకపోతే సున్నా. ఒకే పరుగు ఒకటి, రెండు, సున్నా కావడం చూశాక స్ప్రింట్ల సంఖ్య మీద ఎవరినీ మెచ్చుకోవడానికీ మందలించడానికీ నాకు మనసొప్పదు. మీటర్ల లెక్కకు ఆ బెడద తక్కువ, ముక్కలైనా కలిపితే దాదాపు అంతే దూరం వస్తుంది.

ఈ గీతలేవీ పట్టుకోలేని కష్టం కూడా ఒకటుంది. ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ కర్ర దగ్గర బంతి ఉండగా ఫార్వర్డ్ నిలబడ్డచోటు నుంచి ఒక్కసారిగా దూకి ఐదారు మీటర్లు వెళ్లి దారి మూస్తుంది. బంతి అటు తిరిగితే తానూ ఆగి అటు తిరుగుతుంది. వేగం 14 దాటదు, వేగపు పరుగు మీటర్లు సున్నా. తొడలకు మాత్రం అదే అన్నిటికంటే పెద్ద పని, ఆగడం మరీను. కాబట్టి ప్రెస్ చేసే జట్టుకు వేగవృద్ధి, బ్రేకుల లెక్క లేకుండా వేగపు పరుగు ఒక్కటే చూపిస్తే ఎక్కువ కష్టపడ్డవాళ్లే అడుగున కనిపిస్తారు. గోల్ కీపర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చిత్తూరు జిల్లా నుంచి భారత మహిళల జట్టుకు ఎదిగిన రజని గోల్ కీపర్. ఆమె నేర్పు ఈ పట్టికలో ఏ వరుసలోనూ కనిపించదు.

మా వైపు మైదానాల సంగతి కొంత చెప్పాలి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల దూరమే. అక్కడి సాయ్ కేంద్రంలో జాతీయ జట్ల శిబిరాలు జరుగుతాయి, పరుగుల లెక్కలు చూసే నిపుణులు ఆ జట్లతోనే ఉంటారు. అక్కడి అంకెలు చూసి మన పిల్లలకు లక్ష్యాలు పెట్టాలన్న ఆశ కోచ్‌లకు సహజం. కానీ తడిపిన టర్ఫ్ మీద బంతి జారుతుంది, దాని వెంట పరుగూ సాగుతుంది. మట్టి మైదానంలో బంతి ఎగిరిపడుతుంది, అమ్మాయి దాన్ని ఆపడానికే వేగం తగ్గించాలి. మట్టి మీద ఆడినదాన్ని మట్టితోనే, టర్ఫ్ మీద ఆడినదాన్ని టర్ఫ్‌తోనే పోల్చాలి. సాధన కూడా అంతే. హాకీ మైదానం పొడవు 91.4 మీటర్లు. సగం మైదానంలో ఐదుగురు చొప్పున ఆడించే వారమంతా ఎవరూ తమ గరిష్ఠ వేగం దగ్గరికే పోరు. ఆదివారం టోర్నమెంట్‌లో పూర్తి మైదానం దొరకగానే అందరూ ఒక్కసారిగా విజృంభిస్తారు, తొడ వెనక కండరం పట్టేసేది అప్పుడే. వారంలో ఒకటి రెండుసార్లయినా పొడవాటి పరుగు ఉందా లేదా అని చూసుకోవడానికి ఈ యూనిట్లు నిజంగా పనికొస్తాయి.

పెనుకొండలో ఇంకో జాగ్రత్త కావాలి. ఊరు కొండ పాదాన ఉంది. కొండకో ఎత్తయిన గోడకో ఆనుకుని ఆడితే ఆకాశంలో ఒక పక్క మూసుకుపోతుంది, యూనిట్‌కు కనిపించే ఉపగ్రహాలు తగ్గుతాయి. ఉపగ్రహాల అమరిక ఎంత బాగుందో చెప్పే హెచ్‌డీఓపీ అనే అంకె 1 దగ్గరుంటే నిశ్చింత, 2 దాటితే ఆ ముక్కను నమ్మకూడదు. అది చూడకపోయినా దొంగ అంకె దొరికిపోతుంది. మహిళల 100 మీటర్ల ప్రపంచ రికార్డు 10.49 సెకన్లు, అంటే సగటున గంటకు 34 కిలోమీటర్లు. హైస్కూల్ అమ్మాయి కర్రతో 36 అందుకుందని తెర మీద కనిపిస్తే అది పరుగు కాదు, సంకేతం తప్పిన క్షణం. ఆ ముక్కను తీసేసి మళ్లీ లెక్క వేయాలి. ఆటకు పది పదిహేను నిమిషాల ముందే యూనిట్లను ఆరుబయట ఆన్ చేసి పెట్టడం, ఎవరి యూనిట్ వాళ్లకే ప్రతిసారీ ఇవ్వడం కూడా మరవకూడదు. రెండు యూనిట్లు ఒకే పరుగును అచ్చం ఒకేలా కొలవవు.

ఇంత చేసినా నిమిషాలు తప్పుగా ఉంటే అంతా వృథా. బెంచీ మీద కూర్చున్న సమయాన్ని ఎవరో ఒకరు కోయాలి, యూనిట్ దానంతటది కోయదు. అందుకే కోచ్ మిత్రులకు ఒకటే కోరిక. బెంచీ పక్కన ఒకరిని నోటుపుస్తకంతో, గడియారంతో కూర్చోబెట్టండి. ప్రతి అమ్మాయి ఏ క్వార్టర్‌లో ఏ నిమిషానికి లోపలికి వెళ్లిందో, ఏ నిమిషానికి బయటికి వచ్చిందో రాయించండి. యూనిట్లు ఉన్నా లేకపోయినా ఈ ఆదివారం మ్యాచ్ నుంచే మొదలుపెట్టండి.